పిల్లలకు ఫుట్‌బాల్ హెడింగ్ నేర్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు కోచింగ్ ఇస్తాను. తల్లిదండ్రులు, కొత్తగా కోచింగ్ మొదలుపెట్టినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది హెడింగ్, అంటే బంతిని తలతో కొట్టడం గురించే. ఆ ప్రశ్నలకు నా జవాబులు ఇవి. ఇందులో ఎక్కువ భాగం టైమింగ్ గురించే ఉంటుంది. నేను చూసినంతలో బంతి తప్పు చోట తగలడానికీ, నొప్పి పుట్టడానికీ, పిల్లలు బెదిరిపోవడానికీ మూలం అక్కడే ఉంది.

హెడింగ్ ఏ వయసులో మొదలుపెట్టాలి?

నేనైతే పన్నెండేళ్లు వచ్చేదాకా ప్రాక్టీస్‌లో బంతిని తలకు తగలనివ్వను. అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య పదేళ్లు, అంతకంటే చిన్న పిల్లలకు ప్రాక్టీస్‌లోనూ మ్యాచ్‌లోనూ హెడింగ్ వద్దని 2015లోనే చెప్పింది. ఇంగ్లండ్, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్ సమాఖ్యలు 2020 ఫిబ్రవరిలో అండర్-11 వరకు ప్రాక్టీస్‌లో హెడింగ్ ఆపేయమన్నాయి.

చిన్న పిల్లల ఒంటితో పోలిస్తే తల పెద్దది, దాన్ని మోసే మెడ కండరాలు ఇంకా బలహీనం. పెద్దవాళ్లకు ఏమీ అనిపించని దెబ్బకు కూడా వాళ్ల తల ఎక్కువగా ఊగుతుంది. అయితే గాల్లో వస్తున్న బంతి ఎక్కడ దిగుతుందో అంచనా వేయడం, దాని కిందికి పరుగెత్తడం, ఒంటికాలి మీద ఎగరడం ఎనిమిది తొమ్మిదేళ్లకే నేర్పొచ్చు. అందుకు తల అక్కర్లేదు, చేతులు చాలు. ఎలాగో కింద చెప్పాను.

నుదుటి మీద సరిగ్గా ఎక్కడ తగలాలి?

కనుబొమలకు పైన, జుట్టు మొదలయ్యే గీతకు కాస్త కింద, మధ్యలో. మీ చేతి మూడు వేళ్లు కలిపి నుదుటి మీద అడ్డంగా పెట్టండి. ఆ వేళ్ల కింద ఉన్న చోటు చదునుగా ఉంటుంది, అక్కడి ఎముక మందంగా ఉంటుంది. బంతి చదునైన చోట తగిలితే అనుకున్న వైపు వెళుతుంది, గుండ్రంగా ఉన్నచోట తగిలితే జారిపోతుంది. ఇంకో లాభం ఏంటంటే, నుదుటితో కొట్టేటప్పుడు బంతి చివరిదాకా కళ్ల ముందే ఉంటుంది.

కణతల దగ్గర ఎముక పల్చన. అక్కడ తగలనివ్వకూడదు. మాడు మీద తగిలితే దెబ్బ నేరుగా మెడ ఎముకల్లోకి దిగుతుంది, బంతి ఎటు పోయిందో కూడా తెలియదు. ముక్కు మీద తగిలితే చెప్పక్కర్లేదు.

ఎక్కడ తగిలిందో పిల్లలకు చూపించడానికి ఒక పద్ధతి వాడతాను. తేలికపాటి ఫోమ్ బంతిని తడిగుడ్డతో తుడిచి, రెండడుగుల దూరం నుంచి మెల్లగా వేస్తాను. నుదుటి మీద తడి మచ్చ పడుతుంది. "నుదుటికే తగిలింది సార్" అని గట్టిగా చెప్పిన పిల్లవాడు జుట్టు తడిసి ఉండటం తనే తడిమి చూసుకుంటాడు.

మా అబ్బాయికి బంతి ఎప్పుడూ మాడు మీదే పడుతోంది. భయపడుతున్నాడా?

భయం కూడా ఉండొచ్చు, కానీ ముందు కాళ్లను చూడండి. బంతి మాడు మీద పడిందంటే చాలాసార్లు పిల్లవాడు ఆలస్యంగా ఎగిరాడని అర్థం. తను ఇంకా పైకి లేస్తుండగానే బంతి కిందికి వచ్చేసింది, రెండూ ఎదురెదురుగా గుద్దుకున్నాయి. లేదా ఒక అడుగు ఎక్కువ ముందుకు వెళ్లి సరిగ్గా బంతి కింద నిలబడిపోయాడు. అప్పుడు నుదురు అందించాలంటే తల వెనక్కి వాల్చక తప్పదు. అలా వాల్చడం చేతకాక గడ్డం దించేస్తాడు, మాడు బంతికి ఎదురవుతుంది.

దీనికి వ్యతిరేకం కూడా జరుగుతుంది. ముందే ఎగిరినవాడు దిగిపోతుండగా బంతి వస్తుంది. అప్పుడు అది నెత్తి మీదుగా వెళ్లిపోతుంది, లేదంటే జుట్టును రాసుకుంటూ పోతుంది. ముందే ఎగిరితే బంతి మిస్సవుతుంది. ఆలస్యంగా ఎగిరితే దెబ్బ తగులుతుంది. కాబట్టి మొదట్లో పిల్లలు కాస్త ముందే ఎగిరితే నేను కంగారుపడను.

"ధైర్యంగా కొట్టరా" అని బయటి నుంచి అరవడం వల్ల ఇందులో ఏదీ బాగుపడదు. టైమింగ్ కుదరని పిల్లవాడికి ధైర్యం నూరిపోస్తే అదే తప్పు ఇంకా గట్టిగా చేస్తాడు.

అయితే ఎప్పుడు ఎగరాలి?

ఇది మాటల్లో చెప్పడం కొంచెం కష్టం, అందుకే ఒక లెక్కతో చెబుతాను. ఈ వయసు పిల్లలు పాతిక సెంటీమీటర్ల దాకా ఎగురుతారనుకుందాం. కాలు నేల విడిచినప్పటి నుంచి ఆ ఎత్తు అందుకోవడానికి దాదాపు పావు సెకను పడుతుంది. అంతకుముందు మోకాళ్లు వంచి శక్తి కూడగట్టుకోవడానికి సుమారు 0.3 సెకను. మొత్తం సెకనులో సగం పైన.

ఇప్పుడు బంతి సంగతి. మీరు చేత్తో మెల్లగా పైకి విసిరారు. పిల్లవాడి నుదురు దాన్ని అందుకునే ఎత్తు కంటే ఒకటిన్నర మీటర్ల పైకి అది వెళ్లింది. అక్కడి నుంచి నుదుటి దాకా దిగడానికి దానికీ సెకనులో సగం పైనే పడుతుంది. అంటే బంతి పైకి ఎక్కడం ఆగి, కిందికి తిరిగే క్షణంలోనే మోకాళ్లు వంగడం మొదలవ్వాలి. కాలు నేల విడిచేసరికి బంతి ఇంకా నుదురు అందుకునే ఎత్తుకు మీటరు పైన ఉండాలి. పిల్లలకు ఇది నమ్మబుద్ధి కాదు. బంతి ముఖం దగ్గరికి వచ్చాక ఎగరాలని వాళ్లు సహజంగా అనుకుంటారు. అప్పటికే ఆలస్యం.

నేను వాళ్లకు చెప్పేది రెండే మాటలు: "ఆగింది" అన్నప్పుడు వంగు, "దిగుతోంది" అన్నప్పుడు ఎగురు. మొదటి రోజు ఆ మాటలు నేనే అంటాను. తర్వాత వాళ్ల చేతే గట్టిగా అనిపిస్తాను. నోటితో అనాలంటే బంతిని కళ్లతో చూస్తూ ఉండాలి కదా, ఆ చూపు కోసమే ఇదంతా.

ఒక పరిమితి ఉంది. ఇది మెల్లగా, ఎత్తుగా విసిరిన బంతికే వర్తిస్తుంది. మైదానం పక్క నుంచి గోల్ ముందుకు బల్లపరుపుగా దూసుకొచ్చే క్రాస్‌కి ఈ లెక్క పనికిరాదు. ఈ వయసులో ప్రాక్టీస్‌లో అలాంటి బంతుల్ని తలతో కొట్టించాల్సిన అవసరం కూడా లేదు.

తలకు తగలకుండా హెడింగ్ ఎలా నేర్పుతారు?

పట్టుకోవడం ద్వారా. కోచ్ ఐదారు మీటర్ల దూరం నుంచి రెండు చేతులతో బంతిని ఎత్తుగా విసురుతాడు. పిల్లవాడు రెండు మూడు అడుగులు పరుగెత్తి, ఒంటికాలి మీద ఎగిరి, బంతిని నుదుటికి జానెడు ముందు రెండు చేతులతో పట్టుకుంటాడు. నియమం ఒక్కటే. పట్టుకున్నప్పుడు కాళ్లు గాల్లో ఉండాలి, మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి, బంతి కళ్ల ముందు ఉండాలి.

ఇందులో హెడర్‌కి కావాల్సిన టైమింగ్ మొత్తం ఉంది, తలకు తగిలే దెబ్బ మాత్రం లేదు. తప్పు ఏమిటో కూడా దానంతట అదే బయటపడుతుంది. నెత్తి మీద పట్టుకుంటే ఆలస్యంగా ఎగిరాడని, లేదా బంతి కిందికి మరీ లోపలికి వెళ్లాడని. ఛాతీ దగ్గర పట్టుకుంటే మరీ ముందే ఎగిరి దిగిపోయాడని. చేతులు పూర్తిగా చాచి పట్టుకుంటే ఒక అడుగు వెనక ఉన్నాడని. పదిలో ఎనిమిది నుదుటి ముందే పట్టుకునేదాకా నేను తర్వాతి మెట్టుకు వెళ్లను. కొందరికి ఒక్క సెషన్ చాలు, కొందరికి మూడు వారాలు పడుతుంది.

తర్వాత ఫోమ్ బంతి, ఆ తర్వాత గాలి తగ్గించిన తేలిక బంతి, చివరికి మామూలు బంతి. ఫోమ్ బంతిని మొదట పిల్లలు తమ చేతుల్లోనే పట్టుకుని నుదుటికి తెచ్చుకుంటారు. మోకాళ్ల మీద కూర్చుని, నడుము కొద్దిగా వెనక్కి వంచి, ముందుకు వచ్చి కొడతారు. కాళ్ల సాయం లేకపోతే నడుము ఏం చేయాలో బాగా తెలిసొస్తుంది.

ఒక ఉదాహరణ చెప్పగలరా?

పదమూడేళ్ల అమ్మాయి, డిఫెండర్. ఎత్తుగా వచ్చిన ప్రతి బంతీ ఆమె తలకు తగిలి వెనక్కి, తన సొంత గోల్ వైపే వెళ్లేది. "నడినెత్తిన మండుతోంది" అనేది. వాళ్లమ్మ గారు టెన్షన్ పడి హెడింగ్ మాన్పించేద్దామా అని అడిగారు. ముందు ఆపేశాను. తలనొప్పి గానీ, తల తిరగడం గానీ లేవని డాక్టర్‌కి చూపించి నిర్ధారించుకున్నాకే మళ్లీ మొదలుపెట్టాం.

మొదటి సెషన్‌లో తలకు బంతి తగల్లేదు. పట్టుకునే ప్రాక్టీస్‌ని పక్క నుంచి ఫోన్‌లో స్లో మోషన్‌లో తీశాను. ఇద్దరం కూర్చుని చూశాం. ఆమె కాళ్లు నేల విడిచేసరికి బంతి కనుబొమల ఎత్తుకు వచ్చేసింది. ఇరవైలో పదమూడు బంతులు నెత్తి మీద పట్టుకుంది. మెడలో గానీ, నుదుటిలో గానీ ఏ లోపమూ లేదు. దాదాపు పావు సెకను ఆలస్యం, అంతే. ఆ వీడియో చూశాక నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. "అయ్యో, నేనింకా నేల మీదే ఉన్నాను" అంది.

రెండో వారం "ఆగింది, దిగుతోంది" అని పైకి అంటూ పట్టుకుంది. ఇరవైలో పదిహేను నుదుటి ముందు. మూడో వారం ఫోమ్ బంతితో ఐదు. వాటిలో రెండుసార్లు కళ్లు మూసుకుంది, అది వీడియోలోనే తెలిసింది. నాలుగో వారం మామూలు బంతితో ఐదు, నాలుగు మీటర్ల నుంచి చేత్తో విసిరినవి. నాలుగు నుదుటి మధ్యలో తగిలి ముందుకు వెళ్లాయి. ఐదోసారి పక్కన ఇంకో అమ్మాయిని నిలబెట్టాను. చూపు ఆమె వైపు పోయింది, బంతి మళ్లీ మాడుకు తగిలింది. అక్కడితో ఆ రోజుకు ఆపేశాం. పక్కన మనిషి ఉన్నప్పుడు పట్టుకునే ప్రాక్టీస్ దగ్గరికే మళ్లీ వెళ్లాం.

మెడ బిగించాలి అంటారు. ఎప్పుడు, ఎంతసేపు?

బంతి తగలడానికి సరిగ్గా ముందు, తగిలి వెళ్లేదాకా. మెడ వదులుగా ఉంటే బంతి దెబ్బంతా ఒక్క తల మీదే పడి అది వెనక్కి ఊగుతుంది. బిగించినప్పుడు తల, భుజాలు, ఛాతీ కలిసి ఒకే బరువుగా మారతాయి. అదే బంతికి తల చాలా తక్కువగా కదులుతుంది. గడ్డం కొద్దిగా లోపలికి లాగి, పళ్లు కలిపి దవడ బిగిస్తే మెడ కూడా దానంతట అదే బిగుస్తుంది. నోరు మూసుకుంటే నాలుక కూడా పళ్ల మధ్య పడదు.

శక్తి మెడ నుంచి రాకూడదు. కోడి ముక్కుతో పొడిచినట్టు మెడ ఒక్కటే విసిరే పిల్లలు చాలామంది ఉంటారు. నడుము వెనక్కి విల్లులా వంగి, చేతులు పక్కలకు తెరుచుకుని, ముందుకు వచ్చేటప్పుడు చేతులు వెనక్కి లాగాలి. మనం బంతిని కొట్టాలి, బంతి మనల్ని కొట్టకూడదు. నిలబడి ఎదురుచూసే తలకే దెబ్బ ఎక్కువ.

మెడ బలానికి చిన్న వ్యాయామం ఉంది. అరచేయి నుదుటి మీద పెట్టి తలతో నెట్టాలి, చేత్తో ఆపాలి, తల కదలకూడదు. ఐదు సెకన్లు. తర్వాత తల వెనక, రెండు పక్కలా అలాగే. నొప్పి వచ్చేంత గట్టిగా కాదు.

కళ్లు మూసుకోవడం మాన్పించడం ఎలా?

తగిలే క్షణంలో రెప్ప పడటం శరీర స్వభావం, దాన్ని పూర్తిగా ఆపలేం. చాలా ముందే మూసేయడం అసలు సమస్య. తిట్టడం కంటే బంతి మెత్తన చేయడం మేలు. ఫోమ్ బంతి మీద స్కెచ్ పెన్‌తో ఒక అంకె రాసి, కొట్టాక ఏ అంకె కనిపించిందో అడుగుతాను.

వారానికి ఎన్ని హెడర్లు కొట్టించవచ్చు?

ఇంగ్లండ్ సమాఖ్య 2020లో ఇచ్చిన లెక్కనే నేను పాటిస్తాను. అండర్-12లో నెలకు ఒక్క సెషన్, అందులో గరిష్ఠంగా ఐదు అని అందులో ఉంది, నేనైతే ఆ వయసులో అవి కూడా పెట్టను. అండర్-13లో వారానికి ఒక్క సెషన్, ఐదు. అండర్-14 నుంచి అండర్-16 దాకా వారానికి ఒక్క సెషన్, పది.

ఈ అంకెలు చూసి "ఐదుతో ఏం వస్తుంది?" అని కొత్త కోచ్‌లు అడుగుతారు. చేతులతో పట్టుకునే ప్రాక్టీస్ ఈ లెక్కలోకి రాదు, అది ఎన్నిసార్లయినా చేయొచ్చు. పైగా ఐదే ఉన్నాయంటే ప్రతిదాన్నీ శ్రద్ధగా విసురుతాం, చూస్తాం, మాట్లాడుకుంటాం. వరసలో నిలబెట్టి ఒకరి తర్వాత ఒకరికి యాభై బంతులు వేసే పద్ధతిలో పిల్లలు నేర్చుకునేది చాలావరకు అలసటే. అలసిన మెడ బిగుసుకోదు. నేను ఒక చిన్న నోట్‌బుక్‌లో పేరు పక్కన గీతలు పెడతాను. ఐదో గీత పడగానే ఆ పిల్లకు బంతి చేతికే వస్తుంది.

గోల్ కీపర్ దూరం నుంచి తన్నిన బంతి, కార్నర్, ఫ్రీకిక్, దూరపు పాస్, వీటిని తలతో ఆడే ప్రాక్టీస్ పిల్లలకు పెట్టను. ఇంగ్లండ్‌లో పెద్దవాళ్ల ప్రొఫెషనల్ జట్లకే 2021 నుంచి ఇలాంటి గట్టి హెడర్లు ప్రాక్టీస్‌లో వారానికి పది మించొద్దని సూచన ఉంది.

ఏ బంతి వాడాలి? గాలి ఎంత ఉండాలి?

వయసుకు తగిన సైజు. ఐదో నంబరు బంతి 410 నుంచి 450 గ్రాములు ఉంటుంది, నాలుగోది దాదాపు 350 నుంచి 390. పెద్దవాళ్ల నియమాల్లో గాలి 8.5 నుంచి 15.6 పీఎస్‌ఐ వరకు ఉండొచ్చు. హెడింగ్ రోజున కింది అంకె దగ్గరే ఉంచండి. పంపుకి గేజ్ లేకపోతే బొటనవేలితో నొక్కితే కొద్దిగా లోపలికి వెళ్లాలి. వానలో తడిసి నీళ్లు పీల్చుకున్న పాత బంతిని హెడింగ్‌కి అస్సలు వాడొద్దు.

అసలు ప్రమాదం బంతి వల్లా, మనుషుల వల్లా?

ఆటలో తల అదిరే గాయాలు ఎక్కువగా హెడర్ కోసం ఇద్దరు ఎగిరినప్పుడు వస్తాయి. తల తలను గుద్దుకోవడం, మోచేయి తగలడం, నేల మీద పడటం. అందుకే ఎగిరేటప్పుడు తమ పేరు గట్టిగా అరిచి చెప్పడం నేర్పుతాను. చేతులు సమతూకం కోసం పక్కలకు తెరవాలి గానీ మోచేయి భుజం కంటే పైకి లేవకూడదు. బంతి నడుము ఎత్తులో వస్తుంటే వంగి తల పెట్టొద్దు, అది కాలు అందుకునే ఎత్తు. అక్కడ తల పెట్టినవాడికి బూటు తగులుతుంది.

హెడ్‌గేర్ కొనాలా?

కణతకో, కనుబొమకో చర్మం చీలకుండా కొంత ఉపయోగపడొచ్చు. లోపల మెదడు కదలడాన్ని ఆ పలచటి మెత్త ఆపలేదు. అది పెట్టుకున్నానన్న ధీమాతో పిల్లలు దూకుడుగా వెళ్లే ప్రమాదమే ఎక్కువ అని నా అభిప్రాయం.

దెబ్బ తగిలాక ఏం గమనించాలి?

తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, వెలుతురు భరించలేకపోవడం, తూలడం, అడిగిన ప్రశ్నకు ఆలస్యంగా జవాబివ్వడం, స్కోరు గుర్తులేకపోవడం, ఊరికే ఏడవడం. ఇందులో ఒక్కటి కనిపించినా, అనుమానం ఉన్నా, ఆ రోజు ఆ పిల్లవాడు మళ్లీ ఆడకూడదు. "బాగానే ఉన్నాను సార్" అన్నా సరే. స్పృహ తప్పకపోయినా కంకషన్, అంటే తల అదిరి మెదడుకు తగిలే గాయం, అవుతుంది. లక్షణాలు కొన్నిసార్లు మర్నాడు బయటపడతాయి కాబట్టి ఇంటికి పంపేటప్పుడు తల్లిదండ్రులకు ఏం జరిగిందో విడమరిచి చెప్పాలి. పిల్లవాడిని ఒంటరిగా వదలొద్దు.

స్పృహ తప్పినా, మళ్లీ మళ్లీ వాంతులైనా, తలనొప్పి పెరుగుతున్నా, మెడ నొప్పిగా ఉన్నా, చేతులు కాళ్లు తిమ్మిరెక్కినా, మూర్ఛ వచ్చినా, వస్తువులు రెండుగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మెడకు దెబ్బ తగిలిందనిపిస్తే మనంతట మనం కదపకూడదు.

తిరిగి ఆటలోకి రావడం మెట్లు మెట్లుగా ఉండాలి. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి. తర్వాత నడక, తేలిక పరుగు, ఒంటరిగా బంతితో ఆట. ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు, ఇబ్బంది పెరిగితే మళ్లీ వెనక్కి. డాక్టర్ సరేనన్న తర్వాతే పూర్తి ప్రాక్టీస్, హెడింగ్ అన్నిటికంటే చివర.

పెద్దయ్యాక మెదడుకు ఏమైనా అవుతుందా?

గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో స్కాట్లండ్‌కు చెందిన 7,676 మంది మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్ల రికార్డులు చూశారు. మెదడు క్షీణించే జబ్బులతో చనిపోవడం సాధారణ జనంతో పోలిస్తే వాళ్లలో దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. 2021లో వచ్చిన తరువాయి పరిశీలనలో డిఫెండర్లకు ఆ జబ్బుల ముప్పు అందరికంటే ఎక్కువగా, గోల్ కీపర్లకు సాధారణ జనంతో సమానంగా ఉన్నట్టు తేలింది.

వాళ్లు ఏళ్ల తరబడి ఆడిన పురుష ప్రొఫెషనల్స్. వారానికి ఐదు మెత్తటి హెడర్లు కొట్టే పిల్లలకు ఆ అంకెను అలాగే అన్వయించకూడదు. కారణం హెడింగ్ ఒక్కటేనని కూడా అది రుజువు చేయలేదు. అయినా గోల్ కీపర్లకూ డిఫెండర్లకూ ఉన్న ఆ తేడా చూశాక ప్రాక్టీస్‌లో అనవసరమైన ఒక్క హెడర్ కూడా కొట్టించడానికి నాకు మనసొప్పదు. మీ అమ్మాయి, మీ అబ్బాయి హెడింగ్ చేయనంటే జట్టులోంచి తీసేయమని నేను ఎప్పుడూ అనను.

ఇంట్లో ఏం ప్రాక్టీస్ చేయొచ్చు?

గోడకు కొట్టి తలతో ఆడటం వద్దు, లెక్క తప్పిపోతుంది. బెలూన్ చాలు. పైకి వదిలి, దాని కిందికి కాకుండా ఒక అడుగు వెనక చేరి, ఎగిరి నుదుటితో ముందుకు కొట్టాలి. బెలూన్ నెమ్మదిగా దిగుతుంది కాబట్టి కళ్లు తెరిచి ఉంచడం, నుదుటి చోటు చూసుకోవడం అలవాటవుతుంది. ఎగిరే సమయం మాత్రం బెలూన్‌తో రాదు. అందుకు ఇంట్లో ఇంకొకరు మామూలు బంతి ఎత్తుగా విసరాలి, చేతులతో పట్టుకోవాలి.